సాహుజీ రాసిన సిఫారిస్: ఒక ఉత్తరం, మూడు తిరగరాతలు

ఖాట్మండులో ఒక నోటరీ కార్యాలయం పక్క గదిలో కూర్చుని నేపాలీ కాగితాలను ఇంగ్లీషులోకి మార్చడం నా పని. భర్త ఉద్యోగం వల్ల పన్నెండేళ్ల కిందట విశాఖపట్నం నుంచి ఇక్కడికి వచ్చాను. నేపాలీ మొదట బజారులో నేర్చుకున్నాను, తర్వాత కాగితాల మీద. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పుట్టిన తేదీ, పెళ్లి, బంధుత్వం ధ్రువీకరించే వడా కార్యాలయం, అంటే వార్డు ఆఫీసు పత్రాలు. వాటి మూస ఏళ్ల తరబడి ఒకటే కాబట్టి పెద్దగా ఆలోచించే పని ఉండదు. దుకాణదారు తన దగ్గర పనిచేసిన కుర్రాడికి రాసిచ్చే ఉత్తరం అలా కాదు. అందులో ఒకే కాగితం మీద ముగ్గురి అవసరాలు ఢీకొంటాయి. ఈ కేసులో నేను కూడా ఒక తప్పు చేశాను కాబట్టి దీన్ని రాసి పెట్టుకుంటున్నాను. ఊరు, పేర్లు, మనిషిని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను లేదా మార్చాను.

నేపథ్యం

కుర్రాడికి ఇరవై ఏడేళ్లు, సొంత ఊరు తరాయి ప్రాంతంలో. ఖాట్మండు లోయ అంచున ఉన్న ఒక బజారులో సిమెంటు, ఇనుము, రంగులు అమ్మే దుకాణంలో మూడున్నరేళ్లు పనిచేశాడు. ఎమిరేట్స్‌లో ఇంటి నిర్మాణ సామగ్రి నిల్వ చేసే గోదాములో స్టోర్‌కీపర్ పనికి దరఖాస్తు పెట్టాడు. విదేశాలకు పనివాళ్లను పంపే, ఇక్కడ మ్యాన్‌పవర్ అని పిలిచే కంపెనీ ద్వారా కాగితాలు వెళ్తున్నాయి. అవతలి యజమాని అడిగింది చిన్న విషయమే. పాత యజమాని నుంచి ఒక ఉత్తరం, అందులో కనీసం మూడేళ్ల అనుభవం, చేసిన పనులు, ఫోను నంబరు ఉండాలి. అసలు నేపాలీ ప్రతితో పాటు నోటరీ ముద్ర ఉన్న ఇంగ్లీషు అనువాదం కావాలి.

ఇలాంటి ఉత్తరాన్ని నేపాలీలో సిఫారిస్ పత్ర అంటారు. మన సిఫారసే అది. మన దగ్గర ఆ మాట వినగానే పలుకుబడి, ఎమ్మెల్యే గారి ఉత్తరం గుర్తుకొస్తాయి. ఇక్కడ మాత్రం వడా కార్యాలయం ఇచ్చే చాలా ధ్రువీకరణలు సిఫారిసులే. అందుకే దుకాణదారు కూడా సిఫారిస్ రాయమంటే ప్రభుత్వ కాగితం రాస్తున్నట్టు బిగుసుకుపోతాడు. తన గొంతు వదిలేసి గుమాస్తా గొంతు ఎత్తుకుంటాడు. ఈ కేసులో సగం చిక్కు అక్కడే ఉంది.

వచ్చినప్పుడు ఉన్న సమస్య

కుర్రాడు మా గదికి వచ్చినప్పుడు చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి.

మొదటిది మ్యాన్‌పవర్ తరఫున తిరిగే దళారి టైపు చేయించి ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంది, సంతకం, ముద్ర మాత్రం పడలేదు. ఇతను ఐదేళ్లు స్టోర్‌కీపర్‌గా పనిచేశాడని, కంప్యూటర్‌లో సరుకు లెక్క నిర్వహించాడని అందులో ఉంది. సాహుజీ, అంటే దుకాణం యజమాని, దాని మీద ముద్ర వేయనన్నాడట. "నా దుకాణమే ఐదేళ్ల నాటిది కాదు, వీడు ఐదేళ్లు ఎలా పనిచేస్తాడు?" అన్నాడట.

ఆ మాట వినగానే పాన్ పత్రం నకలు తెప్పించి చూశాను. నేపాల్‌లో చిన్న దుకాణానికి కూడా పన్ను కార్యాలయం ఇచ్చే పాన్ నంబరు ఉంటుంది. దుకాణం ముద్ర మీద, లెటర్ ప్యాడ్ మీద ఆ నంబరు ఉంటుంది. నమోదైన తేదీ పత్రం మీదే ఉంటుంది. ఈ దుకాణం నేపాల్ అధికారిక క్యాలెండరైన విక్రమ సంవత్ ప్రకారం 2075 ఫాల్గుణంలో, అంటే 2019 ఫిబ్రవరి-మార్చిలో నమోదైంది. కుర్రాడు పని మానేసింది 2079 మాఘంలో, అంటే 2023 జనవరిలో. అప్పటికి దుకాణం వయసే నాలుగేళ్ల లోపు. ఐదేళ్ల అనుభవం అని రాసి, కింద అదే దుకాణం ముద్ర వేస్తే, ఆ ముద్రే ఆ మాటను అబద్ధం చేస్తుంది. పైగా అడిగింది మూడేళ్లే. అవసరం లేని చోట అబద్ధం చెప్పి ఉన్న నిజాన్ని కూడా పోగొట్టుకోవడం ఈ దళారులకు అలవాటు.

రెండో కాగితం సాహుజీ స్వయంగా చేత్తో రాసింది. పైన 'జో జససంగ సంబంధిత్ ఛ', అంటే ఎవరికి సంబంధించినదో వారికి. తర్వాత ఒకే పొడుగాటి వాక్యం. నిజ కర్మచారి నిజాయితీపరుడు, కష్టజీవి, శ్రద్ధగలవాడు, తన దుకాణంలో నిరంతరం పనిచేశాడు. చివర 'ఉత్తరోత్తర్ ప్రగతికో కామనా గర్దఛు', మరింత పైకి రావాలని కోరుకుంటున్నాను. ముద్ర, సంతకం. తేదీ ఉంది కానీ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది లేదు. ఏం పని చేశాడన్నది అసలే లేదు.

ఈ 'నిజ' దగ్గర తెలుగువాళ్లు జారిపడతారు. మనకు నిజం అంటే సత్యం. నేపాలీ కార్యాలయ భాషలో నిజ అంటే పైన చెప్పిన వ్యక్తి, సదరు మనిషి. కొత్తలో నేను 'నిజ కర్మచారి' అంటే నిజమైన ఉద్యోగి అనుకుని ఒక కాగితం పాడుచేశాను.

చేసి చూసినవి, బెడిసినవి

మొదట రెండో కాగితాన్ని ఉన్నదున్నట్టు అనువదించి పంపాం. నాలుగు పంక్తులు వచ్చింది. నేపాలీలో ఆ పొగడ్తల వరుస చదివితే గంభీరంగా ఉంటుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి దానిలో పట్టుకోవడానికి ఒక్క ముక్క మిగలలేదు. వారం తర్వాత అవతలి నుంచి జవాబు వచ్చింది: కాలం తెలియడం లేదు, పని తెలియడం లేదు, మాట్లాడటానికి నంబరు లేదు.

నంబరు ఉంది నిజానికి. లెటర్ ప్యాడ్ మీద దేవనాగరి అంకెల్లో అచ్చై ఉంది. దేవనాగరి ఒకటి చూడటానికి ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. ఎమిరేట్స్‌లో కూర్చున్న మనిషి దాన్ని చూసి ఎవరికి ఫోను చేస్తాడు? ప్యాడ్ పైభాగం ఉత్తరంలో భాగం కాదనుకుని నేను దాన్ని అనువాదంలో చేర్చలేదు. అది నా లోపం.

తర్వాత చేసింది అసలు తప్పు. సాహుజీకి ఫోను చేసి, ఏం పనులు చేశాడని అడిగాను. ఆయన చెప్పినవి రాసుకుని ఇంగ్లీషు ప్రతిలో ఒక పేరా కలిపాను. ఎవరినీ మోసం చేయాలని కాదు, అన్నీ ఆయన నోటితో చెప్పినవే కదా అనుకున్నాను. నోటరీ గారు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశారు. "నేపాలీలో ఆరు పంక్తులు, ఇంగ్లీషులో పదహారు. ఈ పది ఎక్కడ పుట్టాయి?" అని అడిగి కాగితం వెనక్కి నెట్టారు. ఆయన ముద్ర వేసేది అనువాదం మూలానికి సరిపోతుందని చెప్పడానికి. మూలంలో లేనిది ఎంత నిజమైనా ఆ ముద్ర కిందికి రాకూడదు. ఆ పేరాకు బాధ్యత ఎవరిదో ఆలోచిస్తే అది సాహుజీది కాకుండా నాదయిపోయింది. రేపు అవతలి వాళ్లు ఫోను చేస్తే, తాను రాయని ఉత్తరానికి ఆయన జవాబు చెప్పాల్సి వచ్చేది.

కాబట్టి ఇంగ్లీషును చక్కదిద్దడం మానేశాను. నేపాలీ ఉత్తరమే మళ్లీ పుట్టాలి, అదీ రాసేవాడి చేతుల్లోంచే రావాలి.

దుకాణంలో ఒక మధ్యాహ్నం

సాహుజీ 'రేపు రాసిస్తాను' అంటూ రెండు వారాలు గడిపాడు. కుర్రాడు వెళ్లిపోతున్నాడని ఆయనకు కోపమేమో అనుకున్నాను. వెళ్లి కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. కౌంటరు మీద టీ పెట్టించి, గొంతు తగ్గించి అడిగాడు: "బహినీ, జీతం ఎంతో కూడా రాయాలా?"

2078 శ్రావణం నుంచి అప్పటి వరకు నేపాల్‌లో కనీస నెల వేతనం 15,000 రూపాయలుగా ఉండేది. ఆయన ఇచ్చింది అంతకంటే తక్కువ, దాంతో పాటు దుకాణం పైన గది, రెండు పూటలా భోజనం. ముద్ర వేసిన కాగితం మీద ఆ అంకె పడితే ఎక్కడికి పోతుందో, ఎవరు అడుగుతారో అని ఆయన భయం. అవతలి యజమాని జీతం అడగలేదు. ఇది వేతన ధ్రువీకరణ కాదు. అడగనిది రాయక్కర్లేదని చెప్పాను. అయితే దళారి ప్రతిలో ఉన్న 'చట్ట ప్రకారం అన్ని సదుపాయాలతో' లాంటి మాట కూడా ఉండకూడదని అన్నాను. మౌనంగా ఉండటం ఒకటి, లేనిది ఉందని సంతకం పెట్టడం ఇంకొకటి. ఆయన మొహం తేటపడింది. రెండు వారాల ఆలస్యానికి మొత్తం కారణం అదే.

అప్పుడు ఆయన్ను గుణగణాలు అడగలేదు. అడిగితే మళ్లీ 'నిజాయితీపరుడు, కష్టజీవి' దగ్గరికే వస్తాడు. "వాడు మానేసిన మర్నాడు మీకు ఏ పని ఆగిపోయింది?" అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. లేచి వెనక గోదాము తలుపు తీసి చూపించాడు. సిమెంటు బస్తాలు చెక్కల మీద ఎత్తుగా పేర్చి ఉన్నాయి, గోడకు జానెడు దూరంలో. "ఇలా పేర్చింది వాడు. ఇప్పుడున్న కొత్తవాడు గోడకు ఆనించేశాడు, పోయిన వానకు పదకొండు బస్తాలు గడ్డకట్టాయి." లారీ వచ్చినప్పుడు బస్తాలు దింపకముందే లెక్కపెట్టి బిల్లుతో సరిచూడటం, పాత సరుకు ముందు అమ్ముడయ్యేలా ముందుకు జరపడం, బస్తా మీద తయారీ వారం చూసి రాసుకోవడం, డండీ అంటే ఇనుప కడ్డీలను సైజు వారీగా వేరుచేసి తూచి ఇవ్వడం. ఇవన్నీ కుర్రాడి పనులు. చివరి రెండేళ్లు షటరు తాళంచెవి కూడా అతని దగ్గరే ఉండేదట.

తర్వాత కౌంటరు కింద నుంచి ఎర్రగుడ్డ అట్ట ఉన్న బహీ తీశాడు. లెక్కల పుస్తకం. సగానికి పైగా పేజీల్లో కుర్రాడి చేతిరాతే. ఒక పేజీ దగ్గర ఆగి వేలు పెట్టాడు. సిమెంటు, బిల్లులో 200, దిగింది 196, నాలుగు తక్కువ, డ్రైవరు సంతకం. ఒక్కొక్కటి యాభై కిలోల బస్తా. "డ్రైవరుతో సంతకం పెట్టించాలని నాకే తట్టేది కాదు. వాడు పెట్టించాడు. డీలరు నాలుగు బస్తాల డబ్బు తగ్గించుకున్నాడు."

ఉత్తరంలో ఉండాల్సింది ఇదేనని చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఇంత చిన్న విషయం విదేశం పోయే కాగితంలో రాస్తారా?" అన్నాడు. గోదాములో మనిషిని పెట్టుకునేవాడికి అన్నిటికంటే పెద్ద భయం సరుకు తక్కువ పడటమే కదా అని అడిగితే ఒప్పుకున్నాడు. ఆయనా అదే వ్యాపారంలో ఉన్నాడు మరి.

కంప్యూటర్ సంగతి కుర్రాడే ఎత్తాడు. దళారి ఇచ్చిన ప్రతిలో ఉంది కదా, ఆ ఒక్క మాట ఉంచుదాం దిదీ అన్నాడు. దుకాణంలో కంప్యూటరే లేదు. అవతలికి వెళ్లిన మొదటి రోజే కీబోర్డు ముందు కూర్చోబెడితే ఏం చేస్తావని అడిగాను. దాని బదులు చేత్తో రాసే సరుకు పుస్తకం నిర్వహించాడని ఉన్నదే రాద్దామన్నాను. దానివల్ల ఉద్యోగం స్థాయి తగ్గే ప్రమాదం ఉందని కూడా అతనికి ముందే చెప్పాను.

ఇంకొకటి మిగిలింది, 'నిరంతరం' అన్న మాట. 2076 చైత్ర 11న, అంటే 2020 మార్చి 24న, నేపాల్‌లో లాక్‌డౌన్ మొదలైంది. దుకాణం మూతపడింది, కుర్రాడు ఊరికి వెళ్లి 2077 శ్రావణంలో తిరిగొచ్చాడు. నాలుగు నెలలకు కాస్త తక్కువ. సాహుజీ అది వదిలేయమన్నాడు, అందరికీ తెలిసిందే కదా అని. నేను లెక్కవేసి చూశాను. ఆ విరామం తీసేసినా మూడేళ్ల రెండు నెలలకు పైగా వస్తుంది. విరామం చెప్పినా గీత దాటుతున్నప్పుడు దాచడానికి కారణం లేదు. దాటకపోయినా దాచమని చెప్పేదాన్ని కాదు కానీ, ఆ సంభాషణ ఇంత తేలికగా జరిగేది కాదు.

ఏ గొంతుతో రాయాలి

కుర్రాడి గురించి మాట్లాడేటప్పుడు సాహుజీ 'కాంఛా' అనేవాడు, మనం చిన్నోడు అన్నట్టు. క్రియాపదాలు కూడా వాడు, వీడు స్థాయివే. చేతిలోకి పెన్ను రాగానే ఎదుటి చివరకు గెంతాడు. 'ఉహాఁ' అని, అంటే మన 'వారు' అని మొదలుపెట్టాడు. యజమాని తన దగ్గర పనిచేసిన కుర్రాడిని వారు, వీరు అంటే చదివేవాడికి ఎవరో రాసిచ్చినది నకలు చేశాడని అనుమానం వస్తుంది. నేపాలీలో మధ్యలో ఒక మెట్టు ఉంది, మన 'అతను' లాంటిది. 'నిజలే కామ్ గరేకా హున్' అంటే సదరు వ్యక్తి పనిచేశాడని మర్యాద తగ్గకుండా, మరీ ఎక్కువా కాకుండా వస్తుంది. ఆ మెట్టు మీద నిలబెట్టి రాయించాను. ఇంగ్లీషులో ఈ తేడా కనిపించదు. కానీ అసలు ప్రతి కూడా వెళ్తుంది, గల్ఫ్ గోదాముల్లో నేపాలీ చదవగల ఫోర్‌మన్‌లు తక్కువేమీ కాదు.

చివరికి ఆయన చేత్తో రాసిన ఉత్తరం తెలుగులో చెబితే దాదాపు ఇలా ఉంటుంది:

"తేదీ 2080 వైశాఖ 10. ఎవరికి సంబంధించినదో వారికి. విషయం: పని అనుభవం. నిజ, పాస్‌పోర్టు నంబరు ఫలానా, నా దుకాణంలో 2076 శ్రావణ 1 నుంచి 2079 మాఘ 15 వరకు పనిచేశాడు. మధ్యలో లాక్‌డౌన్ వల్ల దుకాణం మూసి ఉన్నందున 2076 చైత్రం నుంచి 2077 ఆషాఢం చివరి వరకు పనిలో లేడు. సిమెంటు, ఇనుప కడ్డీలు, రంగులు వచ్చినప్పుడు లెక్కపెట్టి బిల్లుతో సరిచూడటం, గోదాములో పేర్చడం, చేత్తో రాసే సరుకు పుస్తకం నిర్వహించడం అతని పని. ఒకసారి 200 బస్తాల బిల్లుకు 196 మాత్రమే వచ్చినట్టు గుర్తించి డ్రైవరు సంతకం తీసుకున్నాడు. చివరి రెండేళ్లు దుకాణం తాళంచెవి అతని దగ్గర ఉంది. విదేశంలో పనికి వెళ్లడానికి తానే అడిగి మానేశాడు. వివరాలకు నాకు ఫోను చేయవచ్చు, నేపాలీ, హిందీ మాట్లాడతాను."

ఉత్తరోత్తర ప్రగతి వాక్యం మాత్రం తీయనివ్వలేదు ఆయన. అది లేకపోతే ఉత్తరం కోపంగా రాసినట్టుంటుందట. ఉంచాం. నేపాలీ మర్యాదలో అది మన 'ఇట్లు, మీ విధేయుడు' లాంటిది, తీసేస్తే నిజంగానే వెలితిగా ఉంటుంది.

అనువాదంలో మిగిలిన పని

విక్రమ సంవత్‌ను మన క్యాలెండరులోకి మార్చేటప్పుడు యాభై ఏడు తీసేయాలని అందరికీ తెలుసు. అది వైశాఖం నుంచి డిసెంబరు చివరి వరకే సరిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ నడిమి వరకు యాభై ఆరు తీసేయాలి, ఎందుకంటే వాళ్ల సంవత్సరం ఇంకా మారలేదు. 2076 శ్రావణ 1 అంటే 2019 జులై 17. 2079 మాఘ 15 అంటే 2023 జనవరి 29. మా గదిలో కొత్తగా చేరిన అమ్మాయి అలవాటుగా యాభై ఏడు తీసేసి 2022 జనవరి అని టైపు చేసింది. ఆ ఒక్క అంకెతో ఏడాది మాయమై, మూడేళ్ల అనుభవం గీత కిందికి పోయేది. సరిచూసేటప్పుడు మొత్తం నెలలు లెక్కపెట్టడం వల్ల దొరికింది. ఇప్పుడు అనువాదంలో రెండు తేదీలూ పక్కపక్కన రాస్తాం, విక్రమ సంవత్ తేదీ ముందు, ఇంగ్లీషు తేదీ తర్వాత. కొన్ని నేపాలీ నెలలకు 32 రోజులు ఉంటాయి కాబట్టి 32వ తేదీ కనిపిస్తే అచ్చుతప్పు అనుకుని దిద్దకూడదన్నది కూడా ఆ అమ్మాయికి ఈ కేసులోనే చెప్పాను.

పేరు దగ్గర పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర ఏ అక్షరం ఉందో అదే పెట్టాం. దళారి ప్రతిలో వై బదులు ఐ ఉంది. నేపాలీ రాతలో రెండూ ఒకటే, ఇంగ్లీషులో ఇద్దరు మనుషులవుతారు. ప్యాడ్ పైభాగం, పాన్ నంబరు, గుండ్రటి ముద్రలోని మాటలు అన్నీ అనువదించి, ఫోను నంబరు ముందు 977 చేర్చాం. ఈసారి నోటరీ గారు పంక్తులు లెక్కపెట్టి ముద్ర వేశారు.

తర్వాత ఏమైంది

పది రోజులకు సాహుజీకి ఫోను వచ్చింది. హిందీలో అడిగారట, నాలుగు బస్తాలు తక్కువైన సంగతి చెప్పమని. ఆయన బహీ తీసి పేజీ చూస్తూ చెప్పాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆయన గొంతులో పరీక్ష పాసైన సంతోషం ఉంది.

కుర్రాడికి ఉద్యోగం వచ్చింది, అయితే స్టోర్‌కీపర్‌గా కాదు, స్టోర్ హెల్పర్‌గా. కంప్యూటర్ రాకపోవడమే కారణమని చెప్పారట. జీతం కూడా ఆ మేరకు తగ్గింది. అతను కొంచెం బాధపడ్డాడు, నాకూ బాధ కలిగింది. శ్రమ్ స్వీకృతి, అంటే ప్రభుత్వ శ్రమ అనుమతి, అదే హోదా పేరుతో తీసుకుని వెళ్లాడు. ఒప్పందంలో ఒక పని, ఉత్తరంలో ఇంకో పని ఉండి విమానాశ్రయంలోనో అక్కడికెళ్లాకో చిక్కుకున్నవాళ్లను చూశాను కాబట్టి, ఈ రెండూ కలవడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి ఒక చోట మారింది. అనుభవ పత్రం వస్తే అనువాదం మొదలుపెట్టే ముందు మూడు అడుగుతాను: దుకాణం పాన్ పత్రం నకలు, పాస్‌పోర్టు, రాసిన మనిషి ఫోను నంబరు. ఆయనకు ఫోను చేసి ఒక్క ప్రశ్న వేస్తాను. జవాబు ఉత్తరంలో లేకపోతే ఉత్తరాన్ని వెనక్కి పంపుతాను, అది రెండు వారాలు ఆలస్యమైనా సరే. ఇది అన్ని చోట్లా కుదరదు. దుకాణం మూసేసి సాహుజీ ఊరు మారిపోయినవాళ్లు, యజమాని చనిపోయినవాళ్లు వస్తుంటారు. వాళ్ల విషయంలో నా దగ్గర ఇంత మంచి దారి లేదు.

మొన్న సాహుజీ మళ్లీ ఫోను చేశాడు. ఇంకో కుర్రాడు కతార్ వెళ్తున్నాడట. "బహినీ, ఆ ఉత్తరమే పేరు మార్చి ఇచ్చేయండి, బాగా పనిచేసింది" అన్నాడు.

"ఈ అబ్బాయి కూడా బస్తాలు లెక్కపెట్టేవాడా?" అని అడిగాను.

"లేదు లేదు, వీడు రంగులు కలిపేవాడు."

"అయితే శనివారం వస్తాను, డబ్బాలు చూపించండి" అన్నాను.